కంపెనీ పార్టీలకు ఇచ్చిన విరాళం వార్షిక నివేదికలో ఏ మూల ఉంటుంది?

శీను_బెంజ్‌సర్కిల్

నా దగ్గర ఒక లిస్టెడ్ ఇన్‌ఫ్రా కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయి. పేరు ఇక్కడ రాయను, అనవసరంగా గొడవెందుకు. మా ఆఫీసులో ఒకతను "మీ కంపెనీ పార్టీలకు కోట్లు ఇచ్చింది, చూసుకో" అన్నాడు. సరే చూద్దామని 2022-23 వార్షిక నివేదిక దించుకున్నా. మూడొందల పేజీల పైనే ఉంది. డైరెక్టర్ల నివేదిక మొత్తం చదివినా పార్టీ మాటే లేదు. "donation" అని వెతికితే స్కూళ్లకి బెంచీలు, ఊళ్లకి మంచినీళ్లు అంటూ సీఎస్‌ఆర్ లెక్కలే వస్తున్నాయి. ఇచ్చి ఉంటే అసలు ఎక్కడ రాస్తారు? రాయకుండా ఊరుకోవచ్చా?

కిరణ్_సీఏఇంటర్

బ్రదర్, 2017 తర్వాత పార్టీ పేరు రాయక్కర్లేదు, లిమిట్ కూడా తీసేశారు. పైగా టర్నోవర్‌లో ఒక శాతం దాటని ఖర్చును విడిగా చూపించాల్సిన పని లేదు. మీది పెద్ద కంపెనీ కాబట్టి ఐదో పదో కోట్లు ఇచ్చినా "ఇతర ఖర్చులు" మొత్తంలో కలిసిపోతాయి. మీకు దొరకదు, టైమ్ వేస్ట్.

లక్ష్మి_సీఎస్

కిరణ్ గారు, ఒక శాతం అన్నది షెడ్యూల్ 3లో మామూలు ఖర్చుల కోసం పెట్టిన కొలత. రాజకీయ విరాళానికి కంపెనీల చట్టం 2013లో 182వ సెక్షన్ విడిగా ఉంది. అక్కడ ఇంత దాటితేనే చూపించాలన్న మాటే లేదు. లక్ష ఇచ్చినా లాభనష్టాల ఖాతాలో చూపాల్సిందే. కాబట్టి కలిపేసి ఊరుకోవడం కుదరదు.

శీను గారు, మీరు చూస్తున్న చోటు తప్పు. డైరెక్టర్ల నివేదికలో ఇది ఉండాలన్న నియమం లేదు. సీఎస్‌ఆర్ పేజీల్లో అసలే ఉండకూడదు, ఎందుకంటే పార్టీకి ఇచ్చింది సీఎస్‌ఆర్ కింద లెక్కకు రాదని ఆ రూల్స్‌లోనే రాసుంది. నేరుగా ఆడిట్ చేసిన ఆర్థిక నివేదికలకు వెళ్లండి. అందులో లాభనష్టాల ఖాతాలో "Other expenses" అనే వరుస పక్కన ఒక నోట్ నంబరు ఉంటుంది. ఆ నోట్ తెరిస్తే అద్దె, ఇన్సూరెన్స్, మరమ్మతులు, ఆడిటర్ ఫీజు అంటూ పట్టిక వస్తుంది. విరాళం సాధారణంగా ఆ పట్టిక కింది సగంలో ఒక వరుసగా ఉంటుంది. అక్కడ లేకపోతే పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడా లేకపోతే చివరి నోట్లలో, సీఎస్‌ఆర్ నోట్‌కి అటో ఇటో.

వెతికేటప్పుడు ఒక్క మాటతో ఆగకండి. కంపెనీకో రకంగా రాస్తారు:

```
political
electoral
section 182
contribution to
```

ఇంకో మాట. మీ ఫైల్లో "Standalone" అని ఒక సెట్టు, "Consolidated" అని ఒక సెట్టు, రెండు ఉంటాయి. రెండింట్లోనూ చూసి ఆ అంకెలు ఇక్కడ పెట్టండి.

మిర్చియార్డ్_రమణ

మేడమ్, నాదీ ఇలాంటి సంగతే. గుంటూరులో మాకు చిన్న కోల్డ్ స్టోరేజీ ఉంది, ప్రైవేట్ లిమిటెడ్. 2024 ఎన్నికల ముందు ఒక పార్టీ వాళ్లు వచ్చి సభ సావనీర్ వేస్తున్నాం, ఒక పేజీ ప్రకటన ఇవ్వమన్నారు. కాదనలేని మనుషులు. పాతిక వేలు చెక్కు ఇచ్చాం, మా గుమస్తా ప్రకటనల ఖర్చులో రాశాడు. దీనికి ట్యాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా అని అడగాలనుకుంటున్నా.

కిరణ్_సీఏఇంటర్

రమణ గారు, థ్రెడ్ ట్యాక్స్ గురించి కాదు. కానీ పార్టీ సావనీర్‌లో ప్రకటనని వ్యాపార ఖర్చుగా చూపించి తగ్గించుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం 1961లోని 37(2B) సెక్షన్ ఒప్పుకోదు. దాన్ని విరాళంగా చూసి 80GGB కింద అడగొచ్చా లేదా అన్నది మీ ఆడిటర్‌ని అడగండి.

లక్ష్మి_సీఎస్

రమణ గారు, ట్యాక్స్ కంటే ముందు చూడాల్సింది వేరే ఉంది. పార్టీ గానీ పార్టీ తరఫున ఎవరైనా గానీ వేసే సావనీర్, కరపత్రం, బ్రోచర్ లాంటి వాటిలో కంపెనీ ప్రకటన ఇస్తే ఆ ఖర్చు పార్టీకి ఇచ్చిన విరాళమే అని 182(2) సూటిగా చెబుతుంది. మీ గుమస్తా ప్రకటనల కింద రాసినా చట్టం లెక్కలో అది విరాళమే. అంటే బోర్డు సమావేశంలో తీర్మానం కావాలి, ఖాతాల్లో చూపాలి. మీ కంపెనీ ఎప్పుడు రిజిస్టర్ అయింది?

మిర్చియార్డ్_రమణ

2022లో అండి. అంతకుముందు నాన్నగారి పేరు మీద భాగస్వామ్య సంస్థగా ఉండేది. తీర్మానం అంటే… మా బావమరిది, నేనే డైరెక్టర్లం. మాట అనుకున్నాం అంతే. అయినా మాది ప్రైవేట్ కంపెనీ కదా, బయటివాళ్లు మా లెక్కలు ఎలా చూస్తారు?

లక్ష్మి_సీఎస్

చూస్తారండి. మీరు ఏటా పెట్టే AOC-4 ఫారం, దానికి జోడించిన ఖాతాలు కంపెనీ వ్యవహారాల శాఖ వాళ్ల ఎంసీఏ సైట్‌లో "View Public Documents" లో కంపెనీకి వంద రూపాయలు కడితే ఎవరికైనా తెరుచుకుంటాయి. ప్రైవేటా పబ్లిక్కా అన్న తేడా లేదు. 1956 చట్టంలో ప్రైవేట్ కంపెనీ లాభనష్టాల ఖాతాకు మరుగు ఉండేది. కొత్త చట్టంలో అది పోయింది.

అసలు చిక్కు 2022 అన్న మాటలో ఉంది. మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీ పార్టీకి ఏమీ ఇవ్వకూడదు. 2024 ఎన్నికల నాటికి మీకు మూడేళ్లు నిండలేదు. పాత భాగస్వామ్య సంస్థ వయసు ఇక్కడ కలవదు, ఎందుకంటే కంపెనీ వేరే మనిషి లాంటిది. ఇచ్చిన దానికి అయిదు రెట్లదాకా జరిమానా, బాధ్యులైన వాళ్లకి ఆరు నెలలదాకా జైలు అని చట్టంలో ఉంది. పాతిక వేలకు జైలు అంటూ టెన్షన్ పడకండి, కానీ ఇక్కడ బహిరంగంగా ఇంకేమీ రాయకుండా మీ సీఎస్, అంటే కంపెనీ సెక్రటరీతో కూర్చోండి.

పటమట_రిపోర్టర్

పైవాళ్లకి పనికొచ్చే చిట్కా ఒకటి. కంపెనీ వయసు తెలుసుకోవడానికి ఫారాలు తెరవక్కర్లేదు. ప్రతి కంపెనీకి ఉండే 21 అక్షరాల CIN నంబరులో మధ్యలో నాలుగంకెల సంవత్సరం ఉంటుంది, అదే పుట్టిన ఏడు. మొదటి అక్షరం L అయితే లిస్టెడ్, U అయితే కాదు. ఏదైనా కంపెనీ విరాళం గురించి వార్త రాసే ముందు నేను మొదట చూసేది ఆ నంబరే.

శీను_బెంజ్‌సర్కిల్

లక్ష్మి గారు, దొరికింది! మీరన్నట్టే చేశా. స్టాండలోన్‌లో ఇతర ఖర్చుల నోట్ చివర్లో "Contribution to political parties" అని 5.00 ఉంది, అంకెలన్నీ కోట్లలో. పార్టీ పేరు లేదు. కన్సాలిడేటెడ్‌లో అదే వరుసలో 12.00 ఉంది. ఒకే ఏడాది, ఒకే కంపెనీ, రెండు అంకెలేంటి? ఎవరో తప్పు కొట్టారా?

లక్ష్మి_సీఎస్

తప్పు కాదు. స్టాండలోన్‌లో మీ కంపెనీ ఒక్కటే ఉంటుంది. కన్సాలిడేటెడ్‌లో దాని అనుబంధ కంపెనీల ఖర్చులు కూడా కలుస్తాయి. అంటే మిగతా 7 కోట్లు ఏదో ఒక అనుబంధ కంపెనీ ఇచ్చింది. 182వ సెక్షన్ ఒక్కో కంపెనీకీ విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి ఆ 7 కోట్ల వివరం దాని సొంత ఖాతాల్లో ఉండాలి. వంద రూపాయలు కట్టే ముందు మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల పేజీ చూడండి. లిస్టెడ్ కంపెనీ తన అనుబంధ కంపెనీల ఆడిట్ ఖాతాలను విడివిడిగా సైట్‌లో పెట్టాలని 136వ సెక్షన్ చెబుతుంది. ఏది ఇచ్చిందో తెలియకపోతే నివేదికలో AOC-1 అనే పట్టిక చూడండి, అనుబంధ కంపెనీల పేర్లు, లాభాలు అన్నీ అందులో ఉంటాయి. బాగా లాభంలో ఉన్నదాంతో మొదలుపెట్టండి. అది నియమం కాదు, నా అలవాటు.

గవర్నర్‌పేట_వాసు

ఇంత తిరగడం దేనికి? పార్టీకి విరాళం ఇవ్వాలంటే బోర్డు తీర్మానం కావాలి కదా, ఆ తీర్మానం MGT-14 ఫారంలో పెడతారు. అదే తీసుకుంటే పోలేదా?

లక్ష్మి_సీఎస్

వాసు గారు, పబ్లిక్ కంపెనీ అయితే పెట్టాలి, నిజమే. కానీ ఆ రకం బోర్డు తీర్మానాలను బయటివాళ్లు చూడటానికి, కాపీ తీసుకోవడానికి వీల్లేదని 117వ సెక్షన్‌లోనే ఒక మెలిక ఉంది. ప్రైవేట్ కంపెనీలకు దాన్ని పెట్టడం నుంచే మినహాయింపు వచ్చింది. ఆ తలుపు మనకు మూసేశారు. ఖాతాలే దిక్కు.

శీను_బెంజ్‌సర్కిల్

అనుబంధ కంపెనీ ఖాతాలు సైట్‌లో దొరికాయి. కానీ అది స్కాన్ చేసిన పీడీఎఫ్, వెతికితే ఏ మాటా దొరకట్లేదు. పేజీలు ఒక్కోటీ తిప్పా. ఇతర ఖర్చుల నోట్‌లో "Donations" అని 7.00, పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం వివరం పేజీ అడుగున కాదు, తర్వాతి పేజీలో ఉంది. అందులో 4 కోట్లు ఎలక్టోరల్ బాండ్లు, 3 కోట్లు ఎలక్టోరల్ ట్రస్టు అని రాశారు. ట్రస్టు అంటే పార్టీయేనా?

లక్ష్మి_సీఎస్

కాదు, మధ్యలో ఉండే సంస్థ. కంపెనీల దగ్గర తీసుకుని పార్టీలకు పంచుతుంది. ఆ ఏడాది వచ్చిన దాంట్లో కనీసం 95 శాతం పంచాలి. ట్రస్టుకు ఇచ్చిన కంపెనీ, ట్రస్టుకు ఎంత ఇచ్చిందో చూపితే చాలని, పార్టీ వివరం ట్రస్టే తన లెక్కల్లో చూపాలని కంపెనీ వ్యవహారాల శాఖ 2013 డిసెంబరులోనే సర్క్యులర్ ఇచ్చింది. కాబట్టి ఈ 3 కోట్లకు మీ కంపెనీ ఖాతాల్లో పార్టీ పేరు ఎప్పటికీ కనిపించకపోవచ్చు. అది దాచినట్టు కాదు.

పటమట_రిపోర్టర్

ఆ తర్వాతి దారి నేను చెబుతా, మేం చేసే పని ఇదే.

ట్రస్టు ఏటా ఎన్నికల సంఘానికి నివేదిక ఇస్తుంది, అది సంఘం సైట్‌లో ఉంటుంది. ఒక జాబితాలో ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో, ఇంకో జాబితాలో ఏ పార్టీకి ఎంత పంచారో ఉంటుంది. ముందు మీ కంపెనీ పేరు పక్కన 3 కోట్లు ఉందో లేదో చూసుకోండి. కానీ చాలా ట్రస్టుల నివేదికల్లో ఎవరి డబ్బు ఏ పార్టీకి వెళ్లిందో జత చేసి ఉండదు. తేదీలు దగ్గరగా ఉన్నాయి కదా అని మనం జత చేస్తే అది ఊహే అవుతుంది, వార్త కాదు. ఈ తప్పు పేపర్లలోనూ చూశా.

బాండ్లంటే కంపెనీలు స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి ఇస్తే, పార్టీ నగదుగా మార్చుకున్న పత్రాలు. వాటి సంగతి కొంచెం నయం. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న పథకాన్ని కొట్టేశాక స్టేట్ బ్యాంకు ఇచ్చిన జాబితాలను ఎన్నికల సంఘం మార్చి 14న పెట్టింది. కొన్నవాళ్లది ఒకటి, నగదు చేసుకున్న పార్టీలది ఒకటి, వాటి మధ్య లంకె లేదు. కోర్టు మళ్లీ అడిగితే మార్చి 21న బాండు నంబర్లతో సహా వచ్చాయి. ఈ రెండోది వాడండి. కంపెనీ వరుసలో ఉన్న నంబరు తీసుకుని పార్టీల జాబితాలో అదే నంబరు వెతికితే ఎవరు మార్చుకున్నారో తెలుస్తుంది. ఒక్కో వరుస ఒక్కో బాండు. కోటి రూపాయల బాండ్లు అయిదు కొంటే అయిదు వరుసలు ఉంటాయి.

పేరు మొత్తం కొట్టి వెతక్కండి. ఒకచోట "PRIVATE LIMITED", ఇంకోచోట "PVT LTD" అని ఉంటుంది. పేరులో మరెవరికీ లేని ఒక్క మాట తీసుకుని వెతకండి.

శీను_బెంజ్‌సర్కిల్

అన్నా, చూశా. అనుబంధ కంపెనీ పేరు మీద నాలుగు వరుసలు, అన్నీ కోటివే. సరిపోయింది. అసలు కంపెనీ పేరు మీద మాత్రం ఏడు వరుసలు ఉన్నాయి! ఖాతాలో 5 కోట్లే చూపారు. రెండు కోట్లు దాచేశారా? ఇది పెద్ద విషయం కదా?

పటమట_రిపోర్టర్

ఆగు తమ్ముడూ, తేదీలు చూడు.

శీను_బెంజ్‌సర్కిల్

అయిదు 2022 అక్టోబరులో. రెండు 2023 ఏప్రిల్‌లో.

పటమట_రిపోర్టర్

అంతే. ఏప్రిల్ 2023 అంటే కంపెనీకి కొత్త ఆర్థిక సంవత్సరం. ఆ రెండు కోట్లు 2023-24 నివేదికలో ఉండాలి, అది తెరిచి చూడు. బాండ్లు ఎక్కువగా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో అమ్మేవాళ్లు కాబట్టి ఏప్రిల్ కొనుగోళ్ల దగ్గర ఈ గందరగోళం ప్రతిసారీ వస్తుంది. వరుసలన్నీ కూడే ముందు మార్చి 31 దగ్గర గీత గీసుకో.

రెండో దిక్కు కూడా గుర్తుంచుకో. సంఘం పెట్టిన జాబితా 2019 ఏప్రిల్ 12 నుంచే మొదలవుతుంది. బాండ్ల అమ్మకం 2018 మార్చిలోనే మొదలైంది. కాబట్టి 2018-19 ఖాతాలో విరాళం కనిపించి జాబితాలో కనిపించకపోతే అబద్ధం అనుకోకు. ఆ కాలానికి జాబితానే లేదు.

గవర్నర్‌పేట_వాసు

జాబితాలో ఉన్న కంపెనీ, మీ కంపెనీ ఒకటేనని గ్యారంటీ ఏంటి? అదే పేరుతో హైదరాబాద్‌లో ఇంకోటి ఉండొచ్చు కదా.

పటమట_రిపోర్టర్

మంచి ప్రశ్న. జాబితాలో CIN లేదు, పేరు ఒక్కటే. అందుకే పేరు ఒక్కదాన్నే నమ్మను. పేరు కలవాలి, ఆ ఆర్థిక సంవత్సరం మొత్తం కూడా ఖాతాలోని అంకెతో కలవాలి. శీనుకి రెండూ కలిశాయి కాబట్టి నాకు అనుమానం లేదు. మొత్తం కలవకపోతే మాత్రం కంపెనీకి లేఖ రాసి అడగకుండా ఒక్క మాట కూడా రాయను.

కిరణ్_సీఏఇంటర్

సరే, ఇంతకీ నేను చెప్పిన 2017 సవరణ తప్పా? పేరు అక్కర్లేదు, లిమిట్ లేదు అని మా క్లాసులో కూడా చెప్పారు.

లక్ష్మి_సీఎస్

2017 నుంచి 2024 ఫిబ్రవరి దాకా అదే చట్టం, మీరు చెప్పింది ఆ కాలానికి సరైనదే. శీను గారి 2022-23 నివేదికలో పార్టీ పేరు లేకపోవడానికి కారణం కూడా అదే. కానీ కోర్టు బాండ్ల పథకంతో పాటు ఈ రెండు మార్పులనీ కొట్టేసింది. కాబట్టి పాత మాటలే మళ్లీ నిలబడ్డాయి. మొత్తం, పార్టీ పేరు రెండూ చూపాలి. ఏడాదిలో ఇచ్చేది గత మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతం దాటకూడదు.

రమణ గారి లాంటి చిన్న కంపెనీతో లెక్క వేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మూడేళ్ల లాభాలు 40 లక్షలు, 60 లక్షలు, 50 లక్షలు అనుకుందాం. సగటు 50 లక్షలు, అందులో ఏడున్నర శాతం 3 లక్షల 75 వేలు. ఆ ఏడాది అన్ని పార్టీలకూ కలిపి అంతే, ఒక్కో పార్టీకి అంత కాదు. ఈ లెక్కకు కావాల్సిన లాభాలన్నీ పాత ఖాతాల్లోనే ఉంటాయి కాబట్టి వాటాదారు తానే సరిచూసుకోవచ్చు. మూడేళ్లూ నష్టాలు ఉన్న కంపెనీ విరాళం చూపిందంటే ఇక చూసి వదిలేయకూడదు. పరిమితి తీసేసిన కాలంలో నష్టాల కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వగలిగేది, కోర్టు ఆ సంగతి కూడా ఎత్తి చూపింది.

కిరణ్_సీఏఇంటర్

అయితే 2023-24 సంగతేంటి? తీర్పు ఫిబ్రవరిలో వచ్చింది, ఖాతాలు మార్చి 31తో ముగిశాయి. ఏప్రిల్ 2023లో కొన్న బాండ్లకు పేరు చూపాలా?

లక్ష్మి_సీఎస్

చూపాలన్నదే నా అభిప్రాయం. ఖాతాల మీద సంతకం పెట్టే నాటికి అమల్లో ఉన్న చట్టం పేరు అడుగుతోంది, ఆ నాటికి బాండు నంబర్లు కూడా బయటపడ్డాయి.

గవర్నర్‌పేట_వాసు

నేను ఒప్పుకోను మేడమ్. పేరు బయటికి రాదన్న మాట మీద కొన్నవాళ్లు ఉన్నారు. కొన్న రోజున చట్టం ఒప్పుకుంది. తర్వాత వచ్చిన తీర్పును వెనక్కి లాగి కంపెనీ చేత పేరు రాయించడం సబబా? పైగా బాండు ఎవరి చేతికి ఇచ్చారో కంపెనీకి తెలుసు, ఎవరు మార్చుకున్నారో బ్యాంకు జాబితాలోనే ఉంది. మళ్లీ రాయమనడం దేనికి?

లక్ష్మి_సీఎస్

జాబితాలో ఉండటం వేరు, ఖాతాలో ఉండటం వేరు. ఖాతా మీద డైరెక్టర్లు, ఆడిటర్ సంతకాలు ఉంటాయి. దీని మీద నా తోటి సీఎస్‌లలోనే రెండు మాటలున్నాయి, ఇక్కడ తేలేది కాదు.

శీను_బెంజ్‌సర్కిల్

2023-24 నివేదిక తెరిచా. స్టాండలోన్‌లో 2.00 ఉంది, ఆ రెండు కోట్లు సరిపోయాయి. పక్క కాలమ్‌లో పోయినేడాది అంకె 5.00 కూడా ఉంది. పేరు మాత్రం లేదు. రాబోయే వార్షిక సమావేశంలో అడగొచ్చా? నా దగ్గర ఉన్నవి నలభై షేర్లే.

లక్ష్మి_సీఎస్

ఒక్క షేరు ఉన్నా అడగొచ్చు. ఇప్పుడు చాలా సమావేశాలు వీడియోలోనే జరుగుతున్నాయి కాబట్టి నోటీసులో ప్రశ్నలు పంపే మెయిల్ ఐడీ, మాట్లాడటానికి ముందుగా నమోదు చేసుకోవాల్సిన గడువు ఉంటాయి. ఆ గడువు దాటితే మైకు ఇవ్వరు. ప్రశ్నలో "పార్టీలకు ఎందుకిచ్చారు" అని రాయకండి, దానికి ఉపన్యాసం వస్తుంది. నోట్ నంబరు, పేజీ నంబరు, 2 కోట్ల అంకె, 182(3) పేర్కొని పార్టీ పేరు ఎందుకు చూపలేదో చెప్పమని అడగండి.

మిర్చియార్డ్_రమణ

నేను మా సీఎస్ గారిని కలిశాను. ముందు ఆ సావనీర్ కాపీ, చెక్కు ఎవరి పేరు మీద వెళ్లిందో తెమ్మన్నారు. చెక్కు పార్టీ పేరు మీద కాదు, ఏదో కమిటీ పేరు మీద ఉంది. ఇప్పుడు అది పార్టీ తరఫున వేసిందా కాదా అని కొత్త ప్రశ్న మొదలైంది.

లక్ష్మి_సీఎస్

రమణ గారు, సావనీర్ మొదటి పేజీ, చివరి పేజీ చూడండి. ప్రచురించింది ఎవరని ఉందో, అధ్యక్షుడి ఫోటో, గుర్తు ఉన్నాయో లేదో మీ సీఎస్‌కి చూపించండి. పార్టీ వేయకపోయినా పార్టీకి మేలు చేసేలా ఉంటే దాన్ని కూడా రాజకీయ ప్రయోజనం కోసం ఇచ్చినట్టే చూస్తారు, కాబట్టి కమిటీ పేరు మీద చెక్కు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి.